ఓటీ డబుల్ అంటే దేనికి డబుల్? ఫ్యాక్టరీ కార్మికుడి పే స్లిప్‌లో గంట లెక్క

క్లుప్తంగా: ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఇవ్వాలన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మామూలు గంట రేటును ఎలా తేల్చారన్న దగ్గరే ఉంది. నెల జీతాన్ని 26తో భాగించారా, 30తో భాగించారా? అలవెన్సులు కలిపారా, వదిలేశారా? ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల్ని బట్టి ఒకే కార్మికుడి ఓటీ గంట 150 రూపాయలూ కావచ్చు, 108 రూపాయలూ కావచ్చు. సెలవు రోజు డ్యూటీకి వేరే సూత్రం ఉంది. నాగాకు, ఆలస్యానికి వేసే కోతకు మరో సూత్రం ఉంది. వీటిని ఒకదానితో ఒకటి కలిపేసినప్పుడే లెక్క తప్పుతుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు గంట రేటుకు ఆధారమైన ‘వేతనం’ నిర్వచనాన్నే మార్చాయి కాబట్టి ఈ లెక్కను ఇప్పుడు మళ్లీ సరిచూసుకోవాల్సి వస్తోంది.

## గంట రేటు ఎక్కడ తేలుతుంది

చాలా ఫ్యాక్టరీల్లో నియామక పత్రంలో నెల జీతమే ఉంటుంది, గంట రేటు ఉండదు. దాన్ని టైమ్ ఆఫీసో, జీతాల సాఫ్ట్‌వేరో తేలుస్తుంది. అందుకే తప్పు జరిగినా అది పే స్లిప్‌లో కనిపించదు. స్లిప్‌లో ‘ఓటీ గంటలు 9, మొత్తం ఇంత’ అని మాత్రమే ఉంటుంది. ఆ మొత్తాన్ని గంటలతో భాగించి చూసుకుంటే తప్ప ఏ రేటు కట్టారో తెలియదు.

ఉదాహరణకు ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేసే కార్మికుడిని తీసుకుందాం. బేసిక్, డీఏ కలిపి 13,000 రూపాయలు. ఇంటి అద్దె, ప్రయాణ అలవెన్సులు కలిపి 2,600. మొత్తం 15,600. షిఫ్టు రోజుకు 8 గంటలు, వారానికి ఆరు రోజులు, ఆదివారం సెలవు.

వారానికి ఒక సెలవు తీసేస్తే నెలకు సగటున 26 పనిదినాలు వస్తాయి. ఆ లెక్కన రోజు వేతనం 600, గంటకు 75, ఓటీ గంటకు 150 రూపాయలు. అదే జీతాన్ని 30తో భాగిస్తే రోజుకు 520, గంటకు 65, ఓటీ గంటకు 130 అవుతుంది. అలవెన్సులు వదిలేసి 13,000 మాత్రమే తీసుకుని 26తో భాగిస్తే ఓటీ గంట 125కు దిగుతుంది. అలవెన్సులు వదిలేసి, పైగా 30తో భాగిస్తే 108 రూపాయల 33 పైసలు. నాలుగు చోట్లా ‘డబుల్ ఇచ్చాం’ అనే చెప్తారు. అత్యధిక రేటుకూ అత్యల్ప రేటుకూ మధ్య తేడా గంటకు దాదాపు 42 రూపాయలు.

30తో భాగించడంలో లోపం ఎక్కడుందంటే, ఆదివారాలను కూడా పనిదినాలుగా లెక్కేసినట్టవుతుంది. కార్మికుడు ఆ జీతం సంపాదించుకున్నది 26 రోజుల పనితో. కాబట్టి ఒక గంట పనికి ఎంత పడుతుందో తేల్చాలంటే పని గంటలతోనే భాగించాలి. గ్రాట్యుటీ చట్టం కూడా నెలజీతం ఉన్నవారి రోజు వేతనాన్ని 26తో భాగించే తేల్చేది. వేతనాల కోడ్ కింద 2020లో కేంద్రం ఇచ్చిన ముసాయిదా నిబంధనలు కూడా రోజు రేటును 26తో హెచ్చిస్తే నెల రేటు, 8తో భాగిస్తే గంట రేటు అన్నాయి.

ఇక అలవెన్సుల సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 59వ సెక్షన్ ‘సాధారణ వేతన రేటు’ అంటే బేసిక్‌తో పాటు ఆ సమయానికి కార్మికుడికి వచ్చే అలవెన్సులన్నీ అని చెప్పింది. చౌకగా ఇచ్చే తిండి గింజల వంటి రాయితీల విలువను కూడా కలపమంది. బోనస్‌ను, ఓవర్‌టైమ్ వేతనాన్ని మాత్రమే మినహాయించింది. అంటే ఆ చట్టం ప్రకారం పై కార్మికుడి ఓటీ గంట 150 రూపాయలే. బేసిక్ మీద మాత్రమే డబుల్ కట్టడం ఎన్నో చోట్ల ఏళ్ల తరబడి నడిచిన ఆనవాయితీ, చట్టం చెప్పినది కాదు.

ముక్క రేటు మీద పనిచేసేవారికి గంట రేటే ఉండదు. వారికి ఆ చట్టం వేరే దారి చూపింది: అంతకు ముందు నెలలో అదే పనిలో, నిజంగా పనిచేసిన రోజుల్లో, ఓటీ కాకుండా వచ్చిన పూర్తి రోజు సంపాదనకు సగటు కట్టాలి. ఆ సగటే వారి మామూలు రేటు.

## ఏ గంట నుంచి ఓటీ

ఫ్యాక్టరీల చట్టం రెండు గీతలు గీసింది. ఒక రోజులో 9 గంటలు దాటినా, ఒక వారంలో 48 గంటలు దాటినా రెట్టింపు ఇవ్వాలి. మధ్యలో తీసుకునే అరగంట విరామం పని గంటల్లోకి రాదు. ఉదయం 8కి లోపలికి వెళ్లి రాత్రి 7:30కి బయటికి వస్తే పంచింగ్ మీద పదకొండున్నర గంటలు కనిపిస్తుంది, లెక్కలోకి వచ్చేది 11.

వారం అంటే ఈ చట్టంలో శనివారం అర్ధరాత్రి మొదలయ్యే ఏడు రోజులు. టైమ్ ఆఫీసు సోమవారం నుంచి వారం లెక్కిస్తే ఆదివారం పనిచేసిన గంటలు పక్క వారంలోకి జారిపోయి 48 దాటినట్టు కనిపించకపోవచ్చు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఆదివారం డ్యూటీలు ఎక్కువగా ఉండే యూనిట్లలో ఓటీ ఇక్కడే మాయం కావచ్చు.

రోజు గీతా, వారం గీతా రెండూ దాటితే రెండింటినీ కూడకూడదు, ఒకే గంటకు రెండుసార్లు ఓటీ కట్టినట్టవుతుంది. ఏది ఎక్కువ వస్తే దాన్ని తీసుకోవాలి. బుధవారం 11 గంటలు, గురువారం 10 గంటలు, మిగతా నాలుగు రోజులు 8 గంటల చొప్పున పనిచేసిన వారాన్ని చూడండి. మొత్తం 53 గంటలు. రోజు గీత ప్రకారం ఓటీ 3 గంటలు, వారం గీత ప్రకారం 5 గంటలు. ఇవ్వాల్సింది 5. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్ దీన్ని సూటిగానే రాసింది: రోజు లెక్క, వారం లెక్కల్లో కార్మికుడికి ఏది మేలైతే అది.

ఓటీకి పరిమితి కూడా ఉంది. పాత చట్టంలో మూడు నెలలకు 50, కొన్ని సందర్భాల్లో 75 గంటలు మించకూడదు. 2025లో ఆంధ్రప్రదేశ్ దీన్ని 144 గంటలకు పెంచింది. రోజు పని పరిమితిని 10 గంటలకు తీసుకెళ్లి, వారానికి 48 అన్న గీతను అలాగే ఉంచింది. దీని ప్రభావం ఓటీ లెక్క మీద నేరుగా పడుతుంది. రోజుకు 10 గంటలు అనుమతించిన చోట పదో గంట దానంతటదే ఓటీ కాదు, వారం మొత్తం 48 దాటినప్పుడే అవుతుంది. కాబట్టి ఆ వారంలో ఒక రోజు నాగా పడిందా లేదా అన్నది మునుపటికన్నా ఎక్కువ తేడా తెస్తుంది.

పరిమితి దాటించి పని చేయించుకున్నంత మాత్రాన ఆ గంటల డబ్బు ఎగ్గొట్టడానికి వీల్లేదు. పరిమితి ఉల్లంఘన యాజమాన్యం మీద పడే తప్పు. చేసిన పనికి రెట్టింపు ఇవ్వాల్సిందే. కొన్ని యూనిట్లలో పరిమితికి మించిన గంటలను రిజిస్టర్‌లో చూపించకుండా ‘ప్రోత్సాహకం’ పేరుతో మామూలు రేటుకు ఇస్తుంటారు. పే స్లిప్‌లో ఓటీ గంటలు ప్రతి నెలా ఒకే అంకె దగ్గర ఆగిపోయి, పక్కన ప్రోత్సాహకం మాత్రం నెలనెలా మారుతుంటే అక్కడ అనుమానించాలి.

## సెలవు రోజు డ్యూటీ: ఆదివారం వేరు, ఆగస్టు 15 వేరు

‘సెలవు రోజు పనిచేస్తే డబుల్’ అనే మాట సగమే నిజం. అది ఏ సెలవన్న దాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వారాంతపు సెలవు రోజున పనిచేయించుకోవాలంటే ఆ ఆదివారానికి ముందు మూడు రోజుల్లోనో, తర్వాత మూడు రోజుల్లోనో ఒక పూర్తి రోజు బదులు సెలవు ఇవ్వాలి. ఆ సంగతి ముందే ఇన్‌స్పెక్టర్ కార్యాలయానికి తెలిపి, ఫ్యాక్టరీలో నోటీసు పెట్టాలి. వరసగా పది రోజులకు మించి సెలవు లేకుండా పనిచేయించకూడదు. బదులు సెలవు అదే వారంలో వస్తే వారం మొత్తం 48 గంటలే అవుతుంది కాబట్టి ఆదివారం డ్యూటీకి డబుల్ రాదు. కార్మికులకు ఇది అన్యాయంగా తోస్తుంది, కానీ ఇక్కడ సెలవు మరో రోజుకు మారిందే తప్ప అదనపు పని జరగలేదు. బదులు సెలవు ఇవ్వకపోతే వారం 56 గంటలవుతుంది. అప్పుడు 8 గంటలూ ఓటీ కిందికే వస్తాయి. మన ఉదాహరణలో 1,200 రూపాయలు.

జాతీయ, పండుగ సెలవుల దారి పూర్తిగా వేరు. దీనికి ఉమ్మడి రాష్ట్రంలో 1974లో చేసిన కర్మాగారాలు, సంస్థల జాతీయ, పండుగ, ఇతర సెలవుల చట్టం ఆధారం. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, వీటికి తోడు కొన్ని పండుగ రోజులు జీతంతో కూడిన సెలవులు. ఆ రోజు పనిచేసిన కార్మికుడికి రెట్టింపు వేతనమైనా ఇవ్వాలి, లేదంటే ఆ రోజు వేతనం ఇచ్చి మరో రోజు జీతంతో సెలవైనా ఇవ్వాలి. ఇది రాష్ట్ర చట్టం, కేంద్ర కోడ్‌లు వచ్చినా రద్దు కాలేదు.

నెలజీతం ఉన్నవారికి ఇక్కడే గందరగోళం. రెట్టింపు అంటే రెండు రోజుల వేతనం, 1,200 రూపాయలు. అందులో ఒక రోజు వేతనం నెలజీతంలో ఇప్పటికే ఉంది, ఎందుకంటే ఆ రోజు ఇంట్లో కూర్చున్నా జీతం వచ్చేది. కాబట్టి స్లిప్‌లో అదనంగా కనిపించాల్సింది మరో 600. అదనంగా 1,200 రాలేదని అడగడం పొరపాటు. అదే రోజుకూలీ పద్ధతిలో ఉన్నవారికి నెలజీతమంటూ ఏదీ లేదు కాబట్టి స్లిప్‌లో ఆ రోజుకు 1,200 పూర్తిగా కనిపించాలి. కాంట్రాక్టు కార్మికులకు ఆగస్టు 15 డ్యూటీకి 600 మాత్రమే ఇచ్చి ‘డబుల్‌లో ఒకటి జీతంలో కలిసింది’ అని చెప్పే చోట్లున్నాయి. రోజుకూలీకి ఆ వాదన చెల్లదు.

సెలవు రోజు 8 గంటలు దాటి పనిచేస్తే? సెలవుకు ఒక రెట్టింపు, ఓటీకి ఇంకో రెట్టింపు అంటూ నాలుగింతలు రాదు. మొదటి 8 గంటలకు సెలవు చట్టం లెక్క, ఆ పై గంటలకు ఓటీ లెక్క, గంటకు 150 చొప్పునే.

## కోత: ఎంత సేపు రాలేదో అంతకే

పనికి రాని సమయానికి జీతం తగ్గించవచ్చు. అయితే ఆ కోత, రాని సమయానికి పడే వేతనాన్ని మించకూడదు. 1936 వేతన చెల్లింపుల చట్టంలోని 9వ సెక్షన్ ఈ మాటే చెప్పింది, కొత్త వేతనాల కోడ్ కూడా దాన్నే నిలబెట్టింది. ఒక రోజు నాగా అయితే 600. నలభై నిమిషాలు ఆలస్యమైతే 75 రూపాయల్లో మూడింట రెండు వంతులు, అంటే 50.

‘మూడు లేట్లకు సగం రోజు కోత’ అన్న నిబంధన గోడల మీద తరచూ కనిపిస్తుంది. పది నిమిషాల చొప్పున మూడుసార్లు ఆలస్యమైతే పోయింది అరగంట, దాని విలువ 37 రూపాయల 50 పైసలు. సగం రోజు కోస్తే 300. మిగిలిన 262 రూపాయల 50 పైసలు గైరుహాజరు కోత కాదు, జరిమానా. జరిమానా వేయాలంటే దానికి వేరే షరతులున్నాయి: ఏ తప్పుకు జరిమానా అన్నది ముందే ఆమోదం పొంది ప్రకటించి ఉండాలి, కార్మికుడి సంజాయిషీ వినాలి, నెల వేతనంలో 3 శాతం మించకూడదు. ఆలస్యం అలవాటైన కార్మికుడి మీద క్రమశిక్షణ చర్య తీసుకునే హక్కు యాజమాన్యానికి ఉంది. కోత పేరుతో దాన్ని దొడ్డిదారిన చేయడానికే వీల్లేదు. నోటీసు లేకుండా పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది కూడబలుక్కుని మానేస్తే మాత్రం చట్టం మినహాయింపునిచ్చింది. ఆ సందర్భంలో ఎనిమిది రోజుల వేతనం దాకా కోయవచ్చు, అయితే ఆ షరతు ముందే నియామక నిబంధనల్లో ఉండాలి.

కోత విషయంలో తరచూ జరిగే ఇంకో తప్పు, ఆలస్యపు గంటలను ఓటీ గంటలకు చెల్లు పెట్టడం. ఒక వారం రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, మరో వారం రెండు గంటలు అదనంగా పనిచేశాడనుకోండి. ‘రెండుకు రెండు సరిపోయింది’ అని టైమ్ ఆఫీసు కొట్టేస్తే కార్మికుడికి 150 రూపాయలు నష్టం. ఆలస్యానికి పోయేది మామూలు రేటు, రెండు గంటలకు 150. అదనపు పనికి వచ్చేది రెట్టింపు రేటు, రెండు గంటలకు 300. గంటకు గంట చెల్లు పెట్టినప్పుడల్లా ఆ రెట్టింపులోని అదనపు సగం ఎగిరిపోతుంది. అందుకే కోతనూ ఓటీనీ స్లిప్‌లో వేర్వేరు వరసల్లో చూపించాలి.

## ఒక నెల లెక్క పూర్తిగా

పైన చెప్పుకున్న కార్మికుడికి 2026 ఆగస్టు నెల లెక్క కడదాం. ఆ నెల శనివారంతో మొదలవుతుంది, అయిదు ఆదివారాలు వస్తాయి, జీతపు దినాలు సరిగ్గా 26. ఆగస్టు 15 కూడా శనివారమే. ఈ లెక్కలో రోజు గీత 9 గంటలు అనుకుందాం.

రెండో ఆదివారానికి ముందు వారంలో అతను బుధవారం 3 గంటలు, గురువారం 2 గంటలు ఆగాడు. వారం మొత్తం 53 గంటలు కాబట్టి ఓటీ 5 గంటలు.

తర్వాతి వారం సోమవారం నుంచి శుక్రవారం దాకా 40 గంటలు. ఆగస్టు 15న డ్యూటీకి పిలిచారు, 10 గంటలు పనిచేశాడు. మొదటి 8 గంటలకు సెలవు చట్టం కింద అదనంగా 600. మిగతా 2 గంటలు వారంలో 49వ, 50వ గంటలు కాబట్టి ఓటీ.

ఆపై 16వ తేదీ ఆదివారం పనిచేసి 19వ తేదీ బుధవారం బదులు సెలవు తీసుకున్నాడు. వారం 48 గంటలే. ఓటీ లేదు, కోతా లేదు.

నాలుగో వారంలో 24న నలభై నిమిషాలు ఆలస్యం, 25న సెలవు పెట్టకుండా నాగా, 28న 11 గంటల పని. వారం మొత్తం 42 గంటల 20 నిమిషాలు. 48 దాటలేదు కదా అని ఓటీ సున్నా చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అది తప్పు. 28న రోజు గీత దాటింది కాబట్టి 2 గంటల ఓటీ రావాలి.

```
గంట రేటు       = 15,600 / 26 / 8  =     75
నెల జీతం                          = 15,600
నాగా (1 రోజు)                     =   -600
ఆలస్యం (40 నిమిషాలు)              =    -50
ఆగస్టు 15 అదనం                    =   +600
ఓటీ (5 + 2 + 2 = 9 గంటలు × 150)   = +1,350
మొత్తం                            = 16,900
```

ఇదే నెలను ఇంకో పద్ధతిలో కడితే ఏమవుతుందో చూడండి. ఓటీకీ, ఆగస్టు 15కీ బేసిక్, డీఏలను మాత్రమే తీసుకుని 30తో భాగించారు. రోజు గీతను పట్టించుకోకుండా వారం గీతనే చూశారు కాబట్టి ఓటీ 7 గంటలే అయింది. ఆలస్యానికి సగం రోజు కోశారు. నాగాకు మాత్రం మొత్తం జీతాన్ని 26తో భాగించి 600 తీశారు. అప్పుడు ఓటీ 758, సెలవు అదనం 433, కోతలు 900. చేతికొచ్చే మొత్తం 15,892 దగ్గర ఆగుతుంది. తేడా సుమారు 1,008 రూపాయలు. ఒక్క వరస కూడా పైకి వింతగా కనిపించదు, నష్టం మాత్రం ఒకటిన్నర రోజుల వేతనానికి మించి ఉంది.

ఇందులో అన్నిటికన్నా తేలిగ్గా పట్టుకోగల తప్పు ఒకటుంది. కోతకు 26, ఓటీకి 30 వాడడం. ఒకే నెలలో ఒకే మనిషి గంటకు రెండు విలువలు ఉండవు. స్లిప్‌లోని నాగా కోతను 8తో భాగించి రెట్టింపు చేస్తే వచ్చే అంకె, ఓటీ మొత్తాన్ని ఓటీ గంటలతో భాగిస్తే వచ్చే అంకె ఒకటేనా అని చూస్తే చాలు. పై స్లిప్‌లో మొదటిది 150, రెండోది 108.

పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను వంటివి ఈ మొత్తం తేలాక వచ్చే కోతలు. ఓటీ డబ్బు మీద పీఎఫ్ ఉండదు. ఈఎస్ఐ చట్టం మాత్రం ఓటీ మీద కూడా చందా వసూలు చేస్తూ వచ్చింది, కార్మికుడి వాటా 0.75 శాతం. అయితే ఓటీ వల్ల ఒక నెల 21,000 దాటినంత మాత్రాన ఈఎస్ఐ నుంచి బయటికి పోరు, ఆ పరిమితికి ఓటీని లెక్కించరు. కొత్త సామాజిక భద్రత కోడ్‌లోని వేతన నిర్వచనం ఓవర్‌టైమ్ అలవెన్సును పక్కన పెట్టింది కాబట్టి ఈఎస్ఐ వరసలో మార్పు వస్తుందేమో చూసుకోవాలి.

## లేబర్ కోడ్‌లతో మారేది ఏమిటి

వేతనాల కోడ్ కూడా ఓటీకి మామూలు రేటుకు రెట్టింపుకన్నా తక్కువ ఇవ్వకూడదనే అంది. మారింది ఆ మామూలు రేటులోకి వచ్చే అంశాలు. కోడ్ ప్రకారం వేతనంలో బేసిక్, డీఏ ఉంటాయి. ఇంటి అద్దె అలవెన్సు, ప్రయాణ అలవెన్సు, పీఎఫ్‌లో యాజమాన్యం వాటా, ఓటీ, కమిషన్ వంటివి బయట ఉంటాయి. ఇలా బయట పెట్టినవి మొత్తం ప్రతిఫలంలో సగానికి మించితే, మించిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి.

దీన్ని మన కార్మికుడికి వర్తింపజేస్తే బయట ఉన్నది 2,600, సగానికి చాలా తక్కువ. కాబట్టి వేతనం 13,000, ఓటీ గంట 125. ఫ్యాక్టరీల చట్టం కింద 150 వచ్చినవాడికి కోడ్ చెప్పే కనీసం 25 రూపాయలు తక్కువ. 9 గంటల ఓటీ 1,350 నుంచి 1,125కు పడుతుంది. రాష్ట్ర నియమాలు రోజు గీతను 8 గంటల దగ్గర పెడితే 28వ తేదీకి 3 గంటలు వచ్చి ఓటీ 10 గంటలవుతుంది, మొత్తం 1,250. గంటలు పెరిగినా రేటు తగ్గడం వల్ల పాత మొత్తాన్ని అందుకోదు.

బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ ఉన్నవారికి తేడా ఇంకా పెద్దది. అదే 15,600లో బేసిక్, డీఏ 6,600, అద్దె, ప్రయాణ అలవెన్సులు 9,000 అనుకుందాం. సగం 7,800. మించిన 1,200 కలిపితే వేతనం 7,800, ఓటీ గంట 75 రూపాయలు. పాత చట్టంలో మామూలు గంటకు లెక్కగట్టిన మొత్తమే ఇప్పుడు డబుల్ పేరుతో వస్తుంది. యాభై శాతం నిబంధన వల్ల పీఎఫ్, గ్రాట్యుటీ పెరుగుతాయని విస్తృతంగా చర్చ జరిగింది, అది నిజం కూడా. అదే నిర్వచనం ఓటీ దగ్గరకు వచ్చేసరికి ఎదురు తిరుగుతుందన్న సంగతి మీద మాత్రం తగినంత దృష్టి పడలేదు.

అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, బయట పెట్టాల్సిన అంశాల జాబితా కోడ్‌లోనే ఉంది. అందులో లేని అలవెన్సు, ఉదాహరణకు చాలా స్లిప్‌లలో కనిపించే ‘స్పెషల్ అలవెన్సు’, వేతనంలో భాగమే. పేరు మార్చినంత మాత్రాన బయటికి పోదు. రెండోది, కోడ్ చెప్పింది కనీసం మాత్రమే. ఇప్పటిదాకా మొత్తం జీతం మీద డబుల్ ఇస్తున్న యాజమాన్యం దాన్ని తగ్గించాలంటే అది సేవా నిబంధనల మార్పు. పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఏ సెక్షన్‌కు బదులుగా వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని 40వ సెక్షన్ కింద 21 రోజుల నోటీసు ఇవ్వాలి. యూనియన్‌తో కుదిరిన ఒప్పందంలో ఓటీ రేటు రాసి ఉంటే ఆ ఒప్పందమే ముందు నిలుస్తుంది.

వృత్తి భద్రత కోడ్‌లో కార్మికుడికి కలిసొచ్చే అంశమూ ఉంది. ఓటీ చేయించాలంటే కార్మికుడి సమ్మతి కావాలి. కొత్త నియమాలు పూర్తిగా నోటిఫై అయ్యేదాకా, కోడ్‌లకు విరుద్ధం కానంత మేరకు పాత నియమాలే నడుస్తాయి.

## తేడా వస్తే దేన్ని పట్టుకోవాలి

పే స్లిప్ ఒక్కటే చేతిలో ఉంటే ఓటీ వివాదం తేలదు. రోజువారీగా ఎప్పుడు లోపలికి, ఎప్పుడు బయటికి అన్న హాజరు లెక్క కావాలి, ఎందుకంటే రోజు గీత, వారం గీత రెండింటినీ దాంతోనే చూడగలం. నెల మొత్తం గంటలు మాత్రమే ఇచ్చే కాగితంతో ఏ వారం 48 దాటిందో తెలియదు. పంచింగ్ మెషిన్ రికార్డు యాజమాన్యం దగ్గరే ఉంటుంది కాబట్టి, షిఫ్టు దిగే ముందు ఆ రోజు గంటలను సొంతంగా రాసి పెట్టుకునే కార్మికుడి వాదన గట్టిగా ఉంటుంది. ఆదివారం డ్యూటీ విషయంలో బదులు సెలవు నోటీసు ఏ తేదీన పెట్టారన్నది చూడాలి. పని అయిపోయాక పెట్టిన నోటీసుకు విలువ లేదు.

ఓటీ డబ్బు తర్వాతి నెల 7వ తేదీలోగా జీతంతో పాటే రావాలి. రాకపోయినా, తక్కువ వచ్చినా వేతనాల కోడ్ కింద మూడేళ్లలోపు క్లెయిము వేయవచ్చు. పాత వేతన చెల్లింపుల చట్టంలో ఈ గడువు పన్నెండు నెలలే. కార్మికుడు స్వయంగా గానీ, యూనియన్ ద్వారా గానీ, ఇన్‌స్పెక్టర్ ద్వారా గానీ వేయవచ్చు. బకాయితో పాటు దానికి పదింతల వరకు పరిహారం ఇప్పించే అధికారం క్లెయిము విచారించే అధికారికి ఉంది. వేతనం తక్కువ ఇచ్చారన్నా, అనుమతి లేని కోత వేశారన్నా, సరిగ్గా చెల్లించామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యతను వేతనాల కోడ్‌లోని 59వ సెక్షన్ యాజమాన్యం మీదే పెట్టింది. కాబట్టి క్లెయిములో ‘ఓటీ సరిగా ఇవ్వలేదు’ అని ఊరుకోకుండా, ఫలానా వారంలో ఇన్ని గంటలు, నాగాకు కోసిన రోజు రేటు ఇంత, ఓటీకి కట్టిన గంట రేటు ఇంత అని మూడు అంకెలూ రాస్తే, ఆ తేడాకు లెక్క చూపించాల్సిన పని యాజమాన్యానిదవుతుంది.